నల్ల బెరడు చూడగానే నల్లమద్ది అనకు

విజయనగరం
మే నెల

అమ్మడూ,

మావయ్య ఆశీస్సులు. తాటిపూడి వెనక కొండ దిగువన మీరు నడిచిన దారిలో తీసిన ఫోటోలన్నీ చూశాను. ఒక్కో ఫోటో కింద చెట్టు పేరు రాసి పంపడం బాగుంది, ఎందుకంటే నువ్వు ఏది చూసి ఆ పేరు పెట్టావో నాకు తెలిసింది. వేప, చింత, ఇప్ప, మోదుగ గురించి నేను చెప్పాల్సింది లేదు, అవన్నీ సరిగ్గానే పట్టుకున్నావు. ఈ ఉత్తరం అంతా నువ్వు "నల్లమద్ది" అని రాసిన చెట్టు గురించీ, "తెల్లమద్ది" అని రాసిన మరో చెట్టు గురించీ. మన వైపు అడవుల్లో కొత్తగా చెట్లు నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ముందు వాగు దాటాక కుడివైపు తీసిన చెట్టు సంగతి. దానికి నాలుగు ఫోటోలు పంపావు. మొదటిది బెరడు: నల్లగా, లోతైన పగుళ్లతో, చిన్న చిన్న పలకలుగా విడిపోయి మొసలి చర్మంలా ఉంది. రెండోది ఒక రెమ్మ, మూడోది ఆకు వెనక వైపు, నాలుగోది చెట్టు కింద దొరికిన కాయ, దానికి అయిదు రెక్కలున్నాయి. మొసలి చర్మం లాంటి బెరడు, అయిదు రెక్కల కాయ, కాబట్టి నల్లమద్ది అన్నావు. ఆలోచన మంచిదే. నల్లమద్దికి ఆ రెండూ ఉంటాయి. కానీ ఈ చెట్టు నల్లమద్ది కాదు, తునికి. ఎలా తేలిందో వరసగా చెబుతాను.

పలకలుగా పగిలిన నల్ల బెరడు మన అడవిలో రెండు చెట్లకీ ఉంటుంది. నల్లమద్దికీ ఉంటుంది, బీడీ ఆకు తునికికీ ఉంటుంది. ముదిరిన మానుని దగ్గరగా ఫోటో తీస్తే బెరడు ఒక్కటే చూసి ఏది ఏదో నిక్కచ్చిగా చెప్పడం కష్టం. పైగా లేత నల్లమద్దికి ఆ పలకలు ఇంకా ఏర్పడవు. కాబట్టి బెరడు చూసి "ఈ రెండింటిలో ఒకటి" అనే వరకే వెళ్లాలి, అక్కడ ఆగి ఆకు చూడాలి.

ఆకుల అమరిక చూసేటప్పుడు రెమ్మ చివర చూడకు. అక్కడ కణుపులు దగ్గర దగ్గరగా ఉండి ఆకులన్నీ గుత్తిలా కనిపిస్తాయి, ఏ చెట్టయినా ఒకేలా అనిపిస్తుంది. రెమ్మ మధ్య భాగంలో, కణుపుకీ కణుపుకీ మధ్య ఎడం ఉన్న చోట చూడాలి. ఆకులు రాలిపోయినా ఫరవాలేదు, తొడిమ ఊడిన చోట మచ్చ మిగులుతుంది, ఆ మచ్చలే అమరిక చెబుతాయి. నల్లమద్ది ఆకులు దాదాపు ఎదురెదురుగా ఉంటాయి. దాదాపు అని ఎందుకన్నానంటే, జతలో ఒక ఆకు రెండోదానికంటే కొంచెం పైకో కిందకో జరిగి ఉంటుంది. అది చూసి "ఒకదాని తర్వాత ఒకటి వచ్చే అమరిక" అని పొరబడతారు. తునికి దగ్గర ఇంకో చిక్కు ఉంది. దాని ఆకులు ఒకే కొమ్మ మీద కొన్ని చోట్ల ఎదురెదురుగా, కొన్ని చోట్ల ఒకదాని తర్వాత ఒకటిగా వస్తాయి. నీ రెండో ఫోటోలో రెమ్మ సగం వరకు జతలుగా ఉండి, పైన విడివిడిగా మారింది. అది తునికి వైపు మొగ్గు చూపిస్తోంది. అయినా అమరిక ఒక్కదాన్ని పట్టుకుని ఈ రెండింటినీ విడదీయకూడదు.

అసలు పని చేసింది నీ మూడో ఫోటో. ఆకు తిప్పి తీసినందుకు నిన్ను మెచ్చుకోవాలి, చాలామంది తియ్యరు. నల్లమద్ది ఆకు వెనక, మధ్య ఈనె మీద, తొడిమకి దగ్గరలో ఒకటో రెండో చిన్న బుడిపెలుంటాయి. వేలితో తడిమితే తగులుతాయి, ఫోటో పెద్దది చేసి చూస్తే కనిపిస్తాయి. నీ ఫోటోలో ఆ చోటు స్పష్టంగా ఉంది, బుడిపె మాత్రం లేదు. ఒక్క ఆకుకి లేకపోతే అంతటితో కొట్టెయ్యకూడదు. నాలుగైదు ఆకులు తిప్పి చూడాలి, అన్నింటికీ లేకపోతేనే నమ్మాలి. ఆకు వెనక నూగు ఉందని కూడా రాశావు. నూగు ఈ రెండు చెట్ల లేత ఆకులకీ ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకు.

మరి రెక్కల కాయ ఎక్కడిది? ఫోటో పెద్దది చేసి రెక్క మీద గీతలు చూడు. రెక్క అంతా సన్నటి గీతలు కనిపిస్తాయి. నల్లమద్ది కాయ రెక్కలు వెడల్పుగా, పల్చగా ఉంటాయి. గీతలు నడిమి నుంచి అంచు వరకు అడ్డంగా, తిన్నగా వెళ్తాయి. తెల్లమద్ది కాయ రెక్కలు ఇరుకుగా, గట్టిగా ఉంటాయి. గీతలు పైకి వంపు తిరుగుతాయి. నువ్వు ఏరిన కాయ మీద గీతలు వంపు తిరిగి ఉన్నాయి. అంటే అది తెల్లమద్ది కాయ. వాగు గట్టు తెల్లమద్దికి సొంత చోటు, ఏరుమద్ది అనేది కూడా దాన్నే. ఎగువన ఎక్కడో ఉన్న మాను నుంచి రాలి, నీళ్లలో వచ్చి ఒడ్డుకి చేరి ఉంటుంది, గాలికి దొర్లి ఉన్నా ఆశ్చర్యం లేదు. నేల మీద దొరికిన కాయ ఆ ప్రాంతంలో ఏ చెట్లున్నాయో చెబుతుంది తప్ప, నీ ముందున్న చెట్టు ఏదో చెప్పదు. అదే కాయ కొమ్మ మీద కనిపిస్తేనే లెక్క.

ఆ కొమ్మ మీది కాయ కూడా నీ రెండో ఫోటోలోనే ఉంది. ఎడమ అంచున, ఆకు వెనక సగం దాగి ఉంది, నువ్వు గమనించలేదు. గుండ్రంగా, పసుపు తిరుగుతూ, తొడిమ దగ్గర పువ్వు అడుగున ఉండే ఆకుపచ్చ రేకులు ఊడిపోకుండా కాయనే అంటిపెట్టుకుని ఉన్నాయి. చివర్లు వెనక్కి వంగాయి కూడా. సంతలో వంకాయ మీద చూస్తావే, ఆ భాగమే. తునికి పండుకి అది పండి రాలేదాకా ఉంటుంది. నల్లమద్ది కాయకి అలాంటిదేమీ ఉండదు, అసలు అది కండ ఉన్న పండే కాదు. బెరడు ఇద్దరి పేర్లు చెప్పింది, ఆకు ఒక పేరు కొట్టేసింది, కాయ రెండో పేరు ఖాయం చేసింది. నువ్వు కాయ నుంచి మొదలుపెట్టి బెరడుతో సరిపెట్టావు, మధ్యలో ఆకుని అడగలేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2024 మార్చిలో పాపికొండల్లో అటవీ అధికారులు నల్లమద్ది మానుకి ఉన్న బుడిపెని కోస్తే నీళ్లు ధారగా వచ్చిన వీడియో మీ ఫోన్లన్నింటికీ వచ్చే ఉంటుంది. మీ బ్యాచ్‌లో ఎవరైనా చెట్టు గుర్తుపట్టడానికని కత్తి పెడతానంటే ఒప్పుకోకు. అన్ని నల్లమద్దుల్లోనూ నీళ్లుండవు, బెరడు చెక్కిన చోట చెట్టుకి తెగులు పడుతుంది. గుర్తుపట్టడానికి పైనుంచి కనిపించేవి చాలు.

ఇక రెండో చెట్టు, గట్టు మీద తెల్లటి మాను. బెరడు నునుపుగా, బూడిద తెలుపులో, అక్కడక్కడ పల్చటి పొరలు ఊడి లోపల లేత రంగు కనిపిస్తోంది. తెల్లమద్ది అన్నావు. కావచ్చు. కానీ చెన్నంగి బెరడు కూడా నునుపుగా, పాలిపోయిన రంగులో ఉండి పొరలు రాలుస్తుంది. ముదిరిన తెల్లమద్ది అయితే మాను అడుగున గాడులు పడి, వేళ్ల వైపు విశాలమవుతుంది. నువ్వు మాను మధ్య భాగమే తీశావు, అడుగు లేదు. పైగా బెరడు చెక్కి మందుకి పట్టుకుపోయే చోట్ల, మనిషి చేతికందే ఎత్తులో తెల్లమద్ది మీద పాత గాయాలు మానిపోయి గరుకుగా, ముదురు రంగులో ఉంటాయి. అలాంటి చోట తీస్తే తెల్లమద్ది తెల్లమద్దిలా కనిపించదు. ఇంకా, వాన పడిన తర్వాత ఏ బెరడైనా రెండింతలు నల్లగా కనిపిస్తుంది. మాను మీద పొక్కుల్లా అంటుకునే తెల్లటి మచ్చలు బెరడువి కావు, లైకెన్లవి. అందుకే ఒక్క మానుకే మూడు ఫోటోలు కావాలి: అడుగు భాగం, నీ ఛాతీ ఎత్తులో చెయ్యి ఆనించి ఒకటి, తల ఎత్తి పైకి తీసింది ఒకటి. చెయ్యి పెట్టమన్నది పగుళ్ల కొలత తెలియడానికి. ఎండ పక్క నుంచి పడే ఉదయం పూట తీస్తే పగుళ్ల లోతు కనిపిస్తుంది. నడినెత్తిన ఎండ ఉంటే అంతా చదునుగా వస్తుంది.

తెల్లమద్దినీ చెన్నంగినీ ఆకు, కాయ తేలిగ్గానే విడదీస్తాయి. రెండింటి ఆకులూ దాదాపు జతలుగానే ఉంటాయి కాబట్టి అమరిక ఇక్కడ అంతగా పనికిరాదు. తెల్లమద్ది ఆకు పొడవుగా, సుమారు అరచెయ్యంతో అంతకన్నా ఎక్కువో ఉంటుంది, ఆకు మొదట్లో తొడిమ కలిసే చోట రెండు బుడిపెలుంటాయి. చెన్నంగి ఆకు చాలా చిన్నది, బుడిపెలుండవు, లేత రెమ్మని వేళ్ల మధ్య తిప్పితే నాలుగు పలకలు తగులుతాయి. చెన్నంగి కాయకి రెక్కలుండవు. చిన్నగా కోలగా ఉండి, ఎండాక చివర నుంచి చీలి తెరుచుకుంటుంది. లోపలి గింజలకి మాత్రం రెక్క ఉంటుంది. పోయినేడు తెరుచుకున్న ఎండు కాయలు చెట్టు మీదే చాలా కాలం వేలాడుతుంటాయి, ఆకులు లేని రోజుల్లో అవే పెద్ద ఆధారం.

నీ ఫోటోల్లో ఇంకో ఇబ్బంది గమనించాను. రెండు చెట్ల ఫోటోలు కలిసిపోయాయి. ఒక రెమ్మ ఫోటో ఏ మానుదో నాకు అర్థం కాలేదు. ఒక చెట్టు పని అవ్వగానే నీ అరచెయ్యి ఫోటో ఒకటి తీసి, తర్వాతే రెండో చెట్టు దగ్గరికి వెళ్లు. ఇంటికొచ్చి చూసుకుంటే ఏ చెట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. ఇది లేకపోతే ఒక చెట్టు ఆకుని ఇంకో చెట్టు బెరడుతో కలిపి, లేని చెట్టు పేరు పెట్టేస్తాం.

గట్టు మీది తెల్లటి మానుకి ప్రస్తుతం నేను పేరు రాయడం లేదు. నువ్వు తీసిన రెమ్మ ఫోటో కదిలిపోయింది, ఆకు వెనక వైపు లేదు, కొమ్మ మీద కాయ లేదు. ఆదివారం మళ్లీ వెళ్తానన్నావు కదా, మాను అడుగు భాగం, ఒక ఆకు మొదలు దగ్గరగా, అందితే కొమ్మ చివర ఎండు కాయ, ఈ మూడు తీసి పంపు. కొమ్మ అందకపోతే కింద రాలిన ఆకులు నాలుగైదు తిరగేసి తియ్యి, కానీ "రాలినవి" అని పక్కన రాయడం మర్చిపోకు.

మీ అమ్మకి నా మాటగా చెప్పు, ఎండలో నీళ్ల సీసా లేకుండా మిమ్మల్ని పంపొద్దని.

మీ మావయ్య