7 రోజుల్లో 5 కిలోలు: ఈ రీల్ నిజమేనా?

"అన్నం మానేసి జొన్నరొట్టె, రీల్ పెట్టినవాళ్ల పౌడర్ తీసుకుంటే 7 రోజుల్లో 5 కిలోలు తగ్గుతారట, ఫొటోలు కూడా పెట్టారు. నమ్మొచ్చా? (నల్గొండ)"

కాటా మీద ఒకటి రెండు కిలోలు తగ్గొచ్చు గానీ 5 కిలోల కొవ్వు కరగదు. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి, అంటే 5 కిలోలకు రోజుకు 5,500; చాలామంది రోజంతా ఖర్చు చేసేదే 2,000 నుంచి 2,500 కాబట్టి పస్తులున్నా లెక్క కుదరదు. మొదటి వారం దిగేది ఎక్కువగా నీళ్లే. తిండి ఒక్కసారిగా తగ్గిస్తే ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజన్ అనే పిండిపదార్థం, దాన్ని పట్టుకుని ఉండే నీళ్లు పోతాయి, మామూలుగా తినగానే తిరిగొస్తాయి. అన్నట్టు అన్నంలో లాగే జొన్నరొట్టెలో ఉండేదీ ఎక్కువగా పిండిపదార్థమే.

ఫొటోలంటారా, రెండూ ఒకే రోజు తీయొచ్చు. భోజనం చేసి పొట్ట వదిలేసి ఎదురు వెలుతురులో ఒకటి, కాసేపు బరువులెత్తి, నిక్కరు పైకి లాగి, పొట్ట బిగబట్టి పక్క వెలుతురులో ఇంకొకటి.

కామెంట్లో ఈ రెండూ అడిగి చూడండి: పౌడర్ లేకుండా అదే తిండి తిన్నవాళ్లతో పోల్చారా, మధ్యలో మానేసినవాళ్లు ఎంతమంది? జవాబుకు బదులు కొనే లింకు వస్తే మీకే అర్థమైపోతుంది.