తప్పులు దిద్దుకునే రాత్రి గురించి చిట్టికి

చిట్టీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. లాంగ్ టర్మ్ హాస్టల్‌కి వెళ్ళనని, ఇంట్లోనే ఉండి ఇంకో ఏడాది నీట్‌కి చదువుకుంటానని నువ్వే తేల్చి చెప్పావట. ప్రతి ఆదివారం టెస్టు రాసి, ఆ రాత్రే తప్పులన్నీ చూసుకుంటానన్నావట. మా పిల్ల తన దారి తానే చూసుకుంటోందని ఎంత సంతోషమేసిందో! కాసేపటికి గుబులూ పట్టుకుంది. తప్పులు చూసుకోవడమంటే చాలామంది చేసేది కీ పక్కన పెట్టుకుని టిక్కులు కొట్టడం, తప్పయిన దానికి సొల్యూషన్ చదవడం, "ఓహో, ఇంతేనా" అనుకుని పడుకోవడం. మళ్ళీ ఆదివారం అవే తప్పులు చేస్తారు.

చిన్న చిన్న సంగతులు నీకు తెలిసినవే. టెస్టు మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు, అసలు పరీక్ష వేళకే రాయి. ఓఎంఆర్ షీటు మీదే బబుల్స్ దిద్దు. రఫ్ వర్క్ మాత్రం విడి కాగితాల మీద వద్దు, ప్రశ్నపత్రంలోనే ఆ ప్రశ్న పక్కనే చెయ్యి. ఎందుకో ఈ అమ్మాయి కథ వింటే అర్థమవుతుంది.

మా కాలేజీలో ఇంటర్ చదివి, ఆ తర్వాత నీట్‌కి తయారైన పిల్ల. తెలివైనది, కష్టపడేది. అయినా ప్రతి టెస్టులోనూ ఫిజిక్స్, కెమిస్ట్రీలలో కలిపి ఇరవై పైచిలుకు ప్రశ్నలు తప్పయ్యేవి. తప్పుల్ని చాప్టర్ల వారీగా రాసుకునేది. కరెంట్ ఎలక్ట్రిసిటీ వీక్, న్యూక్లియై వీక్, మోల్ కాన్సెప్ట్ వీక్ అని. వీక్ అన్న చాప్టర్‌ని వారమంతా మళ్ళీ చదివేది. తర్వాతి టెస్టులో ఆ చాప్టర్ బాగానే వచ్చేది, తప్పు ఇంకో చాప్టర్‌లో తేలేది. మిగతా వాటి పక్కన "సిల్లీ మిస్టేక్" అని రాసుకునేది. ఆ మాట నీ నోట్‌బుక్‌లో కనబడితే ఊరుకోను చిట్టీ. అలా రాశాక ఆ ప్రశ్న వైపు మళ్ళీ ఎవరూ చూడరు. ఎందుకు తప్పయిందో తెలియకుండానే పేజీ తిరిగిపోతుంది.

ఒక ఆదివారం రాత్రి ఆ పిల్ల సొల్యూషన్ల బుక్‌లెట్ తెరవకుండా, తప్పయిన లెక్కలన్నీ మళ్ళీ మొదటినుంచి చేసుకుంటూ కూర్చుంది. ఒక లెక్క ఇది: ఒక తీగను సాగదీసి దాని పొడవును రెట్టింపు చేస్తే నిరోధం ఎంత శాతం పెరుగుతుంది? తీగ ఘనపరిమాణం మారదు కాబట్టి పొడవు రెట్టింపైతే అడ్డుకోత వైశాల్యం సగమవుతుంది. R = ρL/A కాబట్టి కొత్త నిరోధం 4R. అంటే పెరిగింది 3R, జవాబు 300 శాతం. ఆ పిల్ల పెట్టింది 400. పాత రఫ్ వర్క్ చూస్తే R' = 4R అని రాసి, దాని చుట్టూ చక్కగా పెట్టె గీసి ఉంది. ఇంటర్ బోర్డు పరీక్షలకి ఆఖరి జవాబు చుట్టూ పెట్టె గీయడం అలవాటు కదా, ఆ చేయి మధ్య మెట్టు మీదే పెట్టె గీసేసింది. పెట్టె గీశాక మనసు లెక్క అయిపోయిందనుకుంటుంది. ఆప్షన్లలో 400 కనబడేసరికి అనుమానం కూడా రాలేదు.

ఇంకోటి కెమిస్ట్రీలో. 4.4 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌లో మొత్తం పరమాణువులెన్ని అని. 0.1 మోల్ అని సరిగ్గానే కట్టి, అణువుల సంఖ్య 6.022 × 10²² దగ్గర పెట్టె గీసింది. ఒక్కో అణువులో మూడు పరమాణువులున్నాయి, ఇంకా మూడుతో గుణించాలి. మూడో లెక్కలో, మూడు అర్ధాయువులు గడిచాక విఘటనం చెందిన భాగం ఎంత అంటే, మిగిలిన 1/8 కి పెట్టె గీసింది, 7/8 కి కాదు. చాప్టర్లు మూడు, తప్పు మాత్రం ఒకటే. తనకి ఏ చాప్టరూ రాకపోవడం కాదు, ఒక మెట్టు ముందే ఆగిపోతోంది.

అప్పుడు మిగతా తప్పుల్నీ అదే కంటితో చూసింది. తాను దిద్దిన తప్పు ఆప్షన్ తన రఫ్ వర్క్‌లోనే ఎక్కడైనా అంకెగా ఉందా అని వెతికింది. తొమ్మిదింటిలో ఉంది. ఈ పరీక్ష నువ్వూ చేసుకోవాలి. దిద్దిన జవాబు నీ రఫ్‌లోనే ఉంటే నువ్వు దారిలో ఆగిపోయినట్టు. రఫ్‌లో ఎక్కడా లేకపోతే అది ఫార్ములా తప్పో, ఊహించి దిద్దిందో. వాటి మందు వేరు.

చాలామంది ఇక్కడితో సంతోషపడి పడుకుంటారు. ఆ పిల్ల పడుకోలేదు. ఒప్పయిన లెక్కలూ తీసింది. ఇలాగే చివర ఒక మెట్టు ఎక్కువున్నవి కొన్ని ఒప్పే అయ్యాయి. మరి వాటిలో ఎందుకు ఆగలేదు? ప్రశ్నలు పక్కపక్కన పెట్టి చదివితే తెలిసింది. ఒప్పయిన వాటిలో "ఎంత శాతం" అన్నది వాక్యం చివర ఉంది. తప్పయిన వాటిలో, పైన నేను నా మాటల్లో తిప్పి చెప్పాను గానీ, పేపర్‌లో అడిగిన సంగతి మొదట్లోనే వచ్చేసి, అంకెలన్నీ తర్వాత వచ్చాయి. అంకెలు కనబడగానే పెన్ను కదిలేది, అడిగిందేమిటో అప్పటికే జారిపోయేది. తప్పుల్ని మాత్రమే చూసుంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు. అందుకే ఒప్పయిన వాటినీ తీయమంటున్నాను.

సోమవారం పొద్దున్నే ఆ పేపర్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రి రెండయిందట. ముందు గట్టిగా కేకలేశాను, తర్వాత ఇడ్లీ పెట్టాను. మందు తనే కనిపెట్టుకుంది: అంకె ఒక్కటీ రాయకముందే రఫ్‌లో "కావలసింది: పెరుగుదల, శాతంలో" అని రాయడం, ఆ మాటకు సరిపోయే దాని చుట్టూ తప్ప ఎక్కడా పెట్టె గీయకపోవడం. తర్వాతి టెస్టులో ఆ రకం తప్పులు రెండే. బయాలజీలో పోయేవి మాత్రం అలాగే పోయాయి, ఎందుకంటే అవి ఆగిపోవడం వల్ల వచ్చినవి కావు, గుర్తులేక వచ్చినవి. వాటికి పుస్తకం మళ్ళీ చదవడమే. అయినా లెక్క వేసుకో: ఒప్పయితే నాలుగు వచ్చేవి, తప్పయితే ఒకటి పోయేది. ప్రశ్నకి అయిదు చొప్పున, తొమ్మిది తప్పుల్లో ఏడు తగ్గితే 35 మార్కులు. కొత్తగా ఒక్క చాప్టరూ చదవకుండా!

నీ తప్పుల తీరు ఇదే అవ్వాలని లేదు. నీది యూనిట్లు మార్చకపోవడం కావచ్చు, "సరికానిది ఏది" అన్నచోట సరైనది దిద్దడం కావచ్చు. ఒక్క టెస్టు చూసి తేల్చకు, మూడు పేపర్లు వరుసగా పెట్టి చూడు. టెస్టు రాసిన రాత్రే కూర్చో. రెండు రోజులు పోతే ఆ ఆప్షన్ ఎందుకు దిద్దావో నీకే గుర్తుండదు.

కానీ పదకొండు దాటకూడదు. నువ్వు మేడ మీద గదిలో ఒక్కదానివే కూర్చుంటావని మీ అమ్మ అంది. నాకు మార్కుల కంటే ఆ మాటే ఎక్కువ టెన్షన్ పెట్టింది. అన్నం మానేసి చదివితే ఊరుకోను. కింద హాల్లో కూర్చో, మీ నాన్న టీవీ కట్టేస్తాడులే, నేను చెప్తాను. తొమ్మిదికి మొదలుపెడితే తప్పయిన లెక్కలు మళ్ళీ చేసుకోవడానికి సరిపోతుంది. మిగిలితే సోమవారం చూసుకో.

మూడో ఆదివారం అయ్యాక ఆ మూడు పేపర్లూ రఫ్ వర్క్‌తో సహా ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపు. మార్కులు రాయక్కర్లేదు. పెట్టెలు ఎక్కడ గీశావో చూస్తాను.

మీ పెద్దమ్మ