పదకొండేళ్ల పాలసీకి విచారణ ఎందుకు?

ప్రశ్న: మా ఆయన ఈ 2025 జనవరిలో గుండెపోటు వచ్చి, ఆసుపత్రిలో చేర్చిన కొన్ని గంటలకే పోయారు. 2014 మార్చిలో తీసుకున్న ఎల్‌ఐసీ ఎండోమెంట్ పాలసీ ఉంది. 5 లక్షలకు, 20 ఏళ్లది, ఏడాదికోసారి ప్రీమియం. 2021, 2022 కట్టలేకపోయాం. 2023 ఫిబ్రవరిలో బాకీ అంతా కట్టి రివైవల్ చేయించాం. ఇప్పుడు విచారణ జరుగుతుందంటున్నారు. ఆయనకు షుగర్ ఉందని 2023 ఆగస్టులోనే తెలిసింది, కానీ ఆసుపత్రి కేస్ షీట్‌లో ఐదేళ్లుగా ఉందని రాశారు. నామినీని నేనే. బాండులో నా పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉన్నాయి. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఈ సమయంలో మీరు కాగితాల వెంట పడాల్సి రావడం కష్టమే. అందుకే ముందు ఏది ముఖ్యమో అది చెబుతాను. మీ క్లెయిమ్ మొత్తం ఒక తేదీ మీద ఆధారపడి ఉంది. అది షుగర్ మొదటిసారి బయటపడిన తేదీ.

బీమా చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. అయితే ఆ మూడేళ్లను పాలసీ జారీ అయిన రోజు, రిస్క్ మొదలైన రోజు, రివైవల్ జరిగిన రోజు, వీటిలో ఏది ఆఖరుదైతే దాన్నుంచి లెక్కిస్తారు. మీ పాలసీ 2023 ఫిబ్రవరిలో రివైవ్ అయింది కాబట్టి గడువు 2026 ఫిబ్రవరి దాకా ఉంది. మీవారు దానికి ఏడాది ముందే పోయారు. అందుకే పదకొండేళ్ల పాలసీ అయినా మీది విచారణ ఉండే క్లెయిమే. మీ మీద అనుమానం ఉందని కాదు, ఇలాంటి ప్రతి క్లెయిమ్‌నూ అలాగే చూస్తారు.

విచారణలో చూసేది ఒకటే. రివైవల్ రోజున మీవారు సంతకం చేసిన ఆరోగ్య ప్రకటన నిజమా, కాదా? అది ఫారం 680. షుగర్, బీపీ, గుండెజబ్బు ఉన్నాయా, మందులు వాడుతున్నారా అని అందులో అడుగుతారు. 2023 ఫిబ్రవరికి షుగర్ ఉన్నట్టు ఆయనకు తెలియనప్పుడు "లేదు" అని రాయడం అబద్ధం కాదు. తెలిసీ దాచారని తేలితేనే చిక్కు. బ్రాంచిలో ఆ ప్రకటన నకలు ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. అందులో ఏముందో తెలియకుండా ఎవరికీ జవాబులు ఇవ్వవద్దు.

ఇక కేస్ షీట్ సంగతి. రోగి స్పృహలో లేనప్పుడు డ్యూటీ డాక్టర్ వెంట వచ్చినవాళ్లను అడిగి వివరాలు రాసుకుంటారు. హడావుడిలో మరిదో బావగారో "ఎప్పటినుంచో ఉంది, నాలుగైదేళ్లు ఉంటుందేమో" అంటే అక్కడ "5 సంవత్సరాలు" అని పడిపోతుంది. రేపు క్లెయిమ్ తిరస్కరించాల్సి వస్తే మొదట చూపించేది ఆ ఒక్క ముక్కనే. దాన్ని కొట్టేయమని, దిద్దమని ఆసుపత్రిని అడగకండి. దిద్దుడు కనిపిస్తే నిజం కూడా అబద్ధంలా కనిపిస్తుంది. దానికి ఎదురుగా నిలబడే కాగితాలు తెచ్చుకోండి. 2023 ఆగస్టు నాటి రక్తపరీక్ష రిపోర్టు, ఆ రోజు డాక్టర్ రాసిన మొదటి చీటీ కావాలి. పోయి ఉంటే అదే ల్యాబ్‌లో నకలు అడగండి. అంతకు ముందు ఎప్పుడైనా చేయించిన పరీక్షలో షుగర్ మామూలుగా ఉన్నట్టు ఉంటే దానికి ఇంకా విలువ. ఆ మాట చెప్పినవారు ఎవరో తెలిస్తే, తాను అంచనాగా చెప్పానని ఒక అఫిడవిట్ రాసి ఇవ్వమనండి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మందులు తెచ్చుకుని ఉంటే ఆ సంగతీ దాచకండి. విచారణాధికారి మందుల షాపు దాకా వెళ్లి అడుగుతారు.

ఫారాల్లో మీరు నింపేది 3783. అందులో "ఎప్పటి నుంచి జబ్బు" అన్నచోట 2023 ఆగస్టు అనే రాయండి, అంచనాలు వద్దు. ఆఖర్న చూసిన డాక్టర్ 3784 నింపుతారు, ఆసుపత్రి 3816 నింపుతుంది. ఈ 3816లో రోగి వివరాలు ఎవరు చెప్పారో, వాళ్లు ఏమవుతారో రాసే చోటు ఉంది. అది ఖాళీగా వదిలేయకుండా చూడండి. మీకు పనికొచ్చే చోటు అదే. 3785ను దహన సంస్కారాలకు వచ్చిన, బంధువు కాని పెద్దమనిషితో రాయించాలి. వీటితోపాటు అసలు బాండు, మరణ ధ్రువపత్రం, మీ ఆధార్, పాన్, మీ పేరు అచ్చయిన చెక్కు కావాలి. ప్రతి కాగితానికీ ఒక జిరాక్స్ ఉంచుకుని, బ్రాంచిలో ముద్ర, తేదీతో రసీదు తీసుకోండి. విచారణ ఉన్న మరణ క్లెయిమ్‌ను 45 రోజుల్లో తేల్చాలని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధన. ఆలస్యమైతే వడ్డీ ఇవ్వాలి. అందుకే ఆ రసీదు తేదీ ముఖ్యం.

ఇంటిపేరు తేడా పెద్ద అడ్డంకి కాదు. రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్, దానికి తోడు పెళ్లి సర్టిఫికెట్ లేదా పాత పేరున్న పదో తరగతి మెమో జతచేయండి. ఫారాలన్నిటి మీదా ఆధార్‌లో ఉన్నట్టే పేరు రాయండి. బ్యాంకు ఖాతాలో కూడా అదే ఉండాలి. ఒక అక్షరం తేడాతో డబ్బు వెనక్కి వెళ్లిపోయే అవకాశముంది.

ఇప్పుడు లెక్క. క్లెయిమ్ ఒప్పుకుంటే 5 లక్షలు, దాని మీద జమైన బోనస్ వస్తాయి. పాలసీ మీద అప్పు తీసుకుని ఉంటే అది తగ్గుతుంది. ఒకవేళ రివైవల్ చెల్లదని అన్నా అంతా పోదు. 2014 నుంచి 2020 దాకా ఏడు ప్రీమియాలు కట్టారు కాబట్టి పాలసీ అప్పటికే పెయిడప్ అయింది, అంటే ఆ తర్వాత ప్రీమియం ఆగినా కట్టినంత మేరకు బీమా మిగులుతుంది. 20లో 7 వంతు, అంటే 1,75,000 రూపాయలు, ఆనాటికి జమైన బోనస్ మీకు రావాలి. తిరస్కరణ లేఖలో ఈ మొత్తం ప్రస్తావన లేకపోతే రాతపూర్వకంగా అడగండి. "మొత్తం ఇప్పిస్తాం, పది శాతం ఇవ్వండి" అని ఎవరైనా వస్తే ఒప్పుకోకండి. ఈ దారిలో ఎక్కడా కమీషన్ లేదు.

తిరస్కరిస్తే ఆ లేఖలోనే ఎవరికి అప్పీలు చేయాలో ఉంటుంది. అక్కడా న్యాయం జరగకపోతే, లేదా నెల రోజుల్లో జవాబు రాకపోతే, బీమా ఫిర్యాదులు విని తేల్చే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా ఫిర్యాదు చేయవచ్చు. రెండు రాష్ట్రాలకూ ఆ కార్యాలయమే. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. 2023 ఆగస్టు రిపోర్టు మీ చేతిలో ఉంటే ఆ వాదన మీరే చేయగలరు.

చివరిగా ఒక్క పని. మీవారి బ్యాంకు పాస్‌బుక్ తెరిచి, 2024 మే నెలాఖరులో 436 రూపాయలు కోతపడ్డాయేమో చూడండి. పడి ఉంటే అది ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా. ఏ కారణంతో పోయినా 2 లక్షలు వస్తాయి. ఆ క్లెయిమ్‌ను బ్యాంకు శాఖలోనే ఇవ్వాలి, ఎల్‌ఐసీ విచారణ తేలేదాకా ఆగనక్కర్లేదు. ఈ వారంలోనే వెళ్లండి.