కండ బాగా ఉన్నవారు క్యాచ్-మెక్‌ఆర్డిల్ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: ఏళ్లుగా వెయిట్స్ చేస్తున్నాను. బరువు 90 కిలోలు, ఎత్తు 175 సెం.మీ., వయసు 32, కొవ్వు 13 శాతం. రోజువారీ కదలికకు వాడే 1.55 గుణకంతో మిఫ్లిన్ సూత్రం రోజుకు 2,850 కేలరీలంటోంది, క్యాచ్-మెక్‌ఆర్డిల్ 3,195 అంటోంది. బరువు మారకుండా ఉండాలంటే దేన్ని పట్టుకోవాలి?

జవాబు: క్యాచ్-మెక్‌ఆర్డిల్‌నే పట్టుకోండి, కానీ 1.55ను మాత్రం అనుమానించండి.

మిఫ్లిన్ సూత్రానికి బరువు, ఎత్తు, వయసు, స్త్రీపురుష భేదం తప్ప మరేమీ తెలియదు కాబట్టి, అది మీ బరువులో కండ ఎంతో, కొవ్వు ఎంతో చూడదు. క్యాచ్-మెక్‌ఆర్డిల్ కొవ్వు తీసేసిన బరువును, అంటే LBMను మాత్రమే అడుగుతుంది. దాని నుంచి విశ్రాంతిలో ఒంటికి రోజుకు ఖర్చయ్యే కేలరీలను, అంటే BMRను లెక్కిస్తుంది; దాన్ని గుణకంతో గుణిస్తే రోజు మొత్తం ఖర్చు వస్తుంది.

```
BMR = 370 + 21.6 × LBM
LBM = 90 × 0.87 = 78.3
BMR = 370 + 1691 = 2061
```

మిఫ్లిన్ ప్రకారం ఇదే విలువ 1,839. మీ కొలతలకు కొవ్వు 24 శాతం దగ్గర ఉంటే రెండు సూత్రాలూ ఒకే అంకె చెబుతాయి; అదే బరువులో కొవ్వు అంతకంటే ఎంత తక్కువైతే క్యాచ్-మెక్‌ఆర్డిల్ అంత పైకి పోతుంది.

కొవ్వు శాతం తప్పుగా కొలిచామేమోనని చాలామంది భయపడతారు. ఇంట్లో నిలబడి చూసుకునే యంత్రం ఒంట్లోని నీటిని బట్టి మాట మారుస్తుందన్నది నిజమే. అయినా మీ కొవ్వు అసలు 18 శాతమే అనుకున్నా, BMR 1,964కు, అంటే సుమారు 97 కేలరీలు మాత్రమే తగ్గుతుంది. అదే గుణకం 1.55 నుంచి 1.375కు మారితే రోజు మొత్తంలో 360 కేలరీలు తేడా వస్తుంది. కాబట్టి కొవ్వును కచ్చితంగా కొలిపించుకోవడానికి డెక్సా స్కాన్‌కు పరుగెత్తే ముందు, వ్యాయామం చేసే ఆ గంట పోగా మిగిలిన రోజంతా ఎంతసేపు కూర్చుంటున్నారో చూసుకోండి.

నా శరీరం దాదాపు ఈ కొలతల్లోనే ఉన్నప్పుడు, కూర్చుని చేసే ఉద్యోగంతో పాటు వారానికి నాలుగు రోజులు వెయిట్స్ చేస్తూ, 3,200 కేలరీల దగ్గర కొన్ని వారాలు నిలిచి చూశాను. నీరు, పిండిపదార్థాల వల్ల తొలి వారంలో వచ్చే ఒడిదుడుకులను పక్కన పెట్టి, రోజూ ఉదయం తీసిన బరువుల వారపు సగటులను పోల్చితే, వారానికి 0.3 కిలో చొప్పున పెరుగుతోంది. ఏళ్లుగా శిక్షణలో ఉన్నవారిలో ఇంత వేగంగా పెరిగేది చాలావరకు కొవ్వే గనుక, కిలోకు 7,700 కేలరీల లెక్కన రోజుకు 330 మిగులు తేలింది. అంటే నాకు సరిపోయేది 2,870 ప్రాంతం, గుణకం 1.39.

ఈ అంకె మిఫ్లిన్ చెప్పిన 2,850కి దగ్గరగా ఉండటం చూసి ఆ సూత్రమే సరైనదని అనుకోవద్దు. అక్కడ BMR తక్కువై, గుణకం ఎక్కువై, రెండు పొరపాట్లు ఒకదాన్నొకటి కొట్టేశాయి. మిఫ్లిన్‌లో గుణకాన్ని మాత్రమే 1.39కి దించితే 2,556 వస్తుంది, దానితో బరువు తగ్గుతుంది.

క్యాచ్-మెక్‌ఆర్డిల్‌కూ ఒక పరిమితి ఉంది. అందులోని 21.6 కాలేయం, మెదడు, గుండె, మూత్రపిండాలు, కండ అన్నిటికీ కలిపిన సగటు. విశ్రాంతిలో కిలో కండ రోజుకు ఖర్చు చేసేది సుమారు 13 కేలరీలే కనుక, అసాధారణంగా కండ పెంచినవారికి ఈ సూత్రం కాస్త ఎక్కువ చూపవచ్చు. మీరైతే 2,900తో మొదలుపెట్టి, వారపు సగటు రెండు మూడు వారాలు ఒకే దిశలో కదిలితేనే 100 నుంచి 150 కేలరీలు అటో ఇటో మార్చండి.