నోట్లు ముద్రించి బిల్లులు కడితే పొదుపు ఏమవుతుంది: జింబాబ్వే చెప్పే లెక్క

ప్రశ్న: నేను రిటైరైన ప్రభుత్వ ఉపాధ్యాయుడిని, వయసు 63. పెన్షన్ వస్తోంది. పొదుపు దాదాపు అంతా బ్యాంకు ఎఫ్‌డీల్లో, పోస్టాఫీసు పథకాల్లో ఉంది. ప్రభుత్వాలు అప్పులు తీర్చలేక నోట్లు ముద్రిస్తే జింబాబ్వేలో లాగా డబ్బంతా చిత్తుకాగితాలవుతుందని మా అబ్బాయి భయపెడుతున్నాడు. అన్నీ తీసేసి బంగారం కొనమంటారా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మాస్టారికి నమస్కారం. అన్నీ తీసేయవద్దు. అయితే మీ అబ్బాయి భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం కూడా సరికాదు. జింబాబ్వేలో నిజంగా ఏ వరుసలో ఏం జరిగిందో తెలిస్తే, మన దగ్గర దేన్ని గమనిస్తూ ఉండాలో మీకే తెలుస్తుంది.

1980లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు జింబాబ్వే డాలరు విలువ అమెరికా డాలరు కంటే ఎక్కువగా ఉండేది. పతనం ఒక్కరోజులో రాలేదు. 1997లో విమోచన పోరాటంలో పాల్గొన్న యాభై వేల మందికి పైగా మాజీ యోధులకు తలా 50 వేల జింబాబ్వే డాలర్లు, ఆపైన నెలనెలా పింఛను ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అందుకు బడ్జెట్‌లో కేటాయింపు లేదు. ఆ ఏడాది నవంబరు 14న దేశ కరెన్సీ కొన్ని గంటల్లోనే కుప్పకూలింది. మరుసటి ఏడాది కాంగో యుద్ధానికి సైన్యాన్ని పంపడంతో మరో ఖర్చు మీద పడింది. 2000 నుంచి వాణిజ్య వ్యవసాయ క్షేత్రాలను హడావిడిగా స్వాధీనం చేసుకోవడంతో విదేశీ మారకం తెచ్చిపెట్టే పంటలే దెబ్బతిన్నాయి. 2000లో దాదాపు 23.7 కోట్ల కిలోలున్న పొగాకు దిగుబడి 2008 నాటికి 5 కోట్ల కిలోల లోపుకు పడిపోయింది. అంటే బిల్లులు పెరుగుతున్న కాలంలోనే వాటిని కట్టే ఆదాయం తరిగిపోయింది. అప్పిచ్చేవారూ ముఖం చాటేశారు. ప్రభుత్వానికి మిగిలిన ఏకైక దారి కేంద్ర బ్యాంకు. 2003 చివర్లో గిడియన్ గోనో గవర్నరుగా వచ్చాక రైతులకు చౌక రుణాలు, ప్రభుత్వ సంస్థల నష్టాలు, చివరికి ట్రాక్టర్ల పంపిణీ కూడా బడ్జెట్‌ను దాటి కేంద్ర బ్యాంకు ఖాతాలోకి చేరాయి. అంతర్జాతీయ ద్రవ్యనిధి బకాయిలు తీర్చడానికి కావలసిన విదేశీ డాలర్లను కొనేందుకు దాదాపు 21 లక్షల కోట్ల స్థానిక డాలర్లను ముద్రించినట్లు 2006లో గవర్నరే వెల్లడించారు.

ప్రభుత్వం నోట్లు ముద్రించినంత మాత్రాన ధరలు ఇంత వేగంగా పెరగవు. మామూలు ద్రవ్యోల్బణం అతి ద్రవ్యోల్బణంగా మారే మలుపు పన్నుల వసూలులో ఉంటుంది. ఒక వ్యాపారి జనవరి అమ్మకాల మీద 100 పన్ను చెల్లించాలని, ఆ సొమ్ము ఏప్రిల్‌లో ఖజానాకు చేరుతుందని అనుకుందాం. ధరలు నెలకు రెట్టింపవుతుంటే ఏప్రిల్‌లో చేతికొచ్చిన ఆ 100, జనవరి లెక్కన పన్నెండున్నరకే సమానం. జీతాలు, డీజిలు, మందులు మాత్రం ఏప్రిల్ ధరలకే కొనాలి. ఆదాయం మూడు నెలల కిందటి ధరల్లోనూ, ఖర్చు నేటి ధరల్లోనూ ఉంటే లోటు తనంతట తానే పెరుగుతుంది. ఆ లోటును పూడ్చడానికి మరిన్ని నోట్లు ముద్రిస్తారు, వాటితో ధరలు ఇంకా వేగంగా పెరుగుతాయి, వచ్చే పన్ను ఇంకా చిన్నదవుతుంది. ఇక్కడికి వచ్చాక ప్రభుత్వం కొత్తగా ఏ తప్పూ చేయకపోయినా ముద్రణ ఆగదు. ఈ స్థితిని గుర్తించడానికి ఆర్థికవేత్తలు నెలకు 50 శాతం ధరల పెరుగుదలను హద్దుగా పెట్టుకున్నారు. ఆ వేగంతో 100 ఉన్న వస్తువు ఏడాది తిరిగేసరికి దాదాపు 13 వేలవుతుంది. జింబాబ్వే ఆ హద్దును 2007లో దాటింది. ప్రభుత్వం చివరిసారిగా ప్రకటించిన, 2008 జూలై నెలకు సంబంధించిన వార్షిక ద్రవ్యోల్బణం 23.1 కోట్ల శాతం. ఆ ఏడాది నవంబరు మధ్యలో ధరలు ఇంచుమించు రోజుకొకసారి రెట్టింపయ్యాయని ఆర్థికవేత్త స్టీవ్ హాంకే లెక్కగట్టారు.

ఆ రోజుల్లో దుకాణదారు సరుకును తాను కొన్న ధర చూసి అమ్మలేడు. అదే సరుకు రేపు మళ్లీ కొనడానికి ఎంత కావాలో ఊహించి అమ్ముతాడు. ఆ ఊహలో భయం కూడా కలుస్తుంది కనుక ధర నోట్ల ముద్రణను కూడా దాటిపోతుంది. జీతం అందుకున్నవారు ఆ పూటే ఏదో ఒక వస్తువు కొనేస్తారు, నోటును దగ్గర ఉంచుకోవడానికి ఎవరూ ఇష్టపడరు. 2007 జూన్‌లో ప్రభుత్వం ధరలను సగానికి తగ్గించమని ఆజ్ఞాపించి, వినని వ్యాపారులను వేల సంఖ్యలో అరెస్టు చేయించింది. కొన్న ధర కంటే తక్కువకు ఎవరూ అమ్మలేరు కనుక కొద్ది వారాల్లోనే రొట్టె, నూనె, మాంసం, చక్కెర అంగళ్ల నుంచి మాయమై దొంగబజారుకు చేరాయి.

చాలామంది ఊహించని సంగతి, ఆ కాలంలో నోట్ల కరువు కూడా ఏర్పడడం. ధరల వేగాన్ని ముద్రణాలయం అందుకోలేకపోయింది. 2008 జూలైలో నోట్ల కాగితం సరఫరా చేస్తున్న జర్మనీ సంస్థ, తన ప్రభుత్వ ఒత్తిడితో సరఫరా నిలిపివేసింది. బ్యాంకులు రోజుకు ఇంత మాత్రమే తీసుకోవాలని పరిమితి పెట్టాయి, ఆ మొత్తం కోసం జనం తెల్లవారకముందే వరుసలో నిలబడ్డారు. జీతం ఖాతాలో పడినా, దాన్ని తీసుకునేలోగా దాని విలువ బస్సు టికెట్టుకు కూడా సరిపోని రోజులు వచ్చాయి. బడికి వెళ్లి రావడానికయ్యే ఖర్చు కూడా జీతం భరించలేకపోవడంతో ఉపాధ్యాయులు పెద్ద సంఖ్యలో వృత్తి వదిలి పొరుగునున్న దక్షిణాఫ్రికాకు, బోట్స్వానాకు వెళ్లిపోయారు. నీటి శుద్ధికి రసాయనాలు కొనలేని పట్టణాల్లో 2008 ఆగస్టు నుంచి కలరా వ్యాపించి, నాలుగు వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. ధరల పట్టికలో మొదలైన వ్యాధి తాగునీటి దాకా ఎలా చేరుతుందో ఇక్కడ చూడాలి. పట్టణ పాలకులకు వచ్చే పన్ను కూడా ఆలస్యంగా, విలువ పోగొట్టుకునే చేతికొస్తుంది.

ప్రభుత్వం 2006లో కరెన్సీ నుంచి మూడు సున్నాలు, 2008 ఆగస్టులో పది సున్నాలు, 2009 ఫిబ్రవరిలో మరో పన్నెండు సున్నాలు తీసేసింది. మధ్యలో, 2009 జనవరిలో, కోటి కోట్ల డాలర్ల నోటు వచ్చింది. సున్నాలు తీసేయడం లెక్కలను సులభం చేసింది గానీ లోటును తాకలేదు. ధరలు నిలిచింది ప్రజలు అమెరికా డాలర్లలో, దక్షిణాఫ్రికా ర్యాండ్లలో లావాదేవీలు జరుపుకోవడానికి 2009 ఆరంభంలో అనుమతి వచ్చాకనే. ఎందుకంటే ఆ కరెన్సీలను ముద్రించే అధికారం జింబాబ్వే కేంద్ర బ్యాంకుకు లేదు. సరుకులు చాలా త్వరగా అంగళ్లకు తిరిగివచ్చాయి. (2014 జనవరిలో అక్కడ చెల్లుబాటయ్యే కరెన్సీల జాబితాలో మన రూపాయిని కూడా చేర్చారు.)

పొదుపు చేసుకున్నవారికి దక్కింది మాత్రం ఎన్నటికీ సరిపెట్టుకోలేనంత చిన్న మొత్తం. 2015లో పాత కరెన్సీని లాంఛనంగా రద్దు చేసినప్పుడు, 1,750 కోటి కోట్ల డాలర్ల వరకు నిల్వ ఉన్న ప్రతి బ్యాంకు ఖాతాకూ ఐదు అమెరికా డాలర్లు చెల్లించారు. ముప్పై ఏళ్లు బీమా ప్రీమియం, పింఛను నిధి కట్టినవారి పరిస్థితి మరీ బాధాకరం. వారి ఒప్పందంలో ఒక స్థిరమైన అంకె రాసి ఉంది, ఆ అంకె ప్రకారం సంస్థ మాట తప్పలేదు, కానీ ఆ అంకెకు ఏమీ రాలేదు. దీనిపై ప్రభుత్వమే విచారణ సంఘం వేయవలసి వచ్చింది. ఇదే కాలంలో బాగుపడినవారూ ఉన్నారు. పాత అప్పులున్నవారి బాకీ కరిగిపోయింది. అధికారిక రేటుకు విదేశీ డాలర్లు కొనగల పలుకుబడి ఉన్నవారు వాటిని వీధి రేటుకు అమ్మి సంపన్నులయ్యారు. నష్టపోయినవారి పొదుపు ఆ చేతుల్లోకే మారింది, నన్ను అన్నింటికన్నా బాధించే విషయం ఇదే.

మరో సంగతి మీ అబ్బాయికి చెప్పండి. తర్వాత డాలర్లలో ఖాతాలు నడిపినవారు కూడా 2019లో మళ్లీ దెబ్బతిన్నారు. బ్యాంకు ఖాతాల్లోని అమెరికా డాలర్లను ఒకటికొకటి చొప్పున స్థానిక కరెన్సీగా పరిగణిస్తామని ప్రభుత్వం ఆదేశించింది. ఆ కొత్త కరెన్సీ విలువ వెంటనే జారడం మొదలైంది.

ఇప్పుడు మన సంగతి. మన దగ్గరా ఈ దారి చాలాకాలం తెరిచే ఉండేది. కేంద్రం నగదు నిల్వ తగ్గినప్పుడల్లా రిజర్వు బ్యాంకు అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులనే స్వల్పకాలిక అప్పు పత్రాలు తీసుకొని డబ్బు సమకూర్చేది. 1997లో ఆ పద్ధతిని రద్దు చేసి, పరిమితి, వడ్డీ ఉన్న స్వల్పకాలిక అడ్వాన్సులను తెచ్చారు. 2006 ఏప్రిల్ నుంచి కేంద్రం జారీచేసే బాండ్లను రిజర్వు బ్యాంకు నేరుగా కొనరాదని చట్టమే చెబుతోంది, అసాధారణ పరిస్థితులకు మాత్రం మినహాయింపు ఉంది. బయట మార్కెట్లో బాండ్లు కొనే వీలు బ్యాంకుకు ఉంది కనుక తలుపు పూర్తిగా మూసుకోలేదు. అయినా 1974లో ధరలు పాతిక శాతానికి పైగా పెరిగినప్పుడు కూడా మనం నెలకు 50 శాతం హద్దుకు ఆమడ దూరంలోనే ఉన్నాం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అప్పుల గురించి వార్తలు చదివి కలత పడుతుంటే ఒకటి గుర్తుంచుకోండి. రాష్ట్రాలకు నోట్లు ముద్రించే అధికారం లేదు. అవి అప్పుల్లో కూరుకుపోతే జీతాలు, బిల్లులు ఆలస్యమవుతాయి, పథకాలు ఆగుతాయి. అది వేరే రకం కష్టం.

గమనించవలసింది అప్పు మొత్తాన్ని కాదు, ఆ అప్పును ఎవరు కొంటున్నారన్నదాన్ని. బ్యాంకులు, బీమా సంస్థలు, భవిష్య నిధులు బాండ్లు కొనడం మానేసి, కేంద్ర బ్యాంకు ఒక్కటే కొంటూ పోతే అది మొదటి సూచన. డాలరు అధికారిక రేటుకూ వీధి రేటుకూ మధ్య దూరం పెరగడం రెండోది. ధరలు పెంచితే జైలంటూ ఆదేశాలు రావడం మూడోది. ఇవి మూడూ జింబాబ్వేలో పతనానికి ముందే కనిపించాయి, మన దగ్గర నేడు అలాంటి స్థితి లేదు.

మీ పొదుపుకు అసలు ప్రమాదం నెమ్మదిగా వచ్చే ద్రవ్యోల్బణం. ఏటా ఆరు శాతం చొప్పున ఇరవై ఏళ్లు ధరలు పెరిగితే పది లక్షల కొనుగోలు శక్తి దాదాపు 3.12 లక్షలకు చేరుతుంది. కాబట్టి రాబోయే ఐదేళ్ల ఖర్చుకు కావలసినది ఎఫ్‌డీల్లోనే, పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలోనే ఉంచండి. ఆ తర్వాతి కాలానికి ఉద్దేశించిన దానిలో కొంత భాగాన్ని షేర్ మార్కెట్ సూచీని అనుసరిస్తూ తక్కువ ఖర్చుతో నడిచే ఇండెక్స్ ఫండ్లోకి రెండు మూడేళ్లలో విడతలుగా మార్చండి. బంగారం మొత్తం పొదుపులో పదో వంతు దాటనవసరం లేదు, దాని ధర కూడా ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోయిన కాలాలు ఉన్నాయి.

మీ దగ్గరున్న అత్యంత విలువైన రక్షణ మీ పెన్షనే. ధరల సూచీని బట్టి దానికి కరువు భత్యం కలుస్తుంది. జింబాబ్వేలో స్థిరమైన అంకె మీద ఆధారపడిన పింఛనుదారులకు లేనిది సరిగ్గా ఇదే. అందువల్ల ఎవరైనా ఏజెంటు మీ ఎఫ్‌డీ సొమ్ముతో జీవితాంతం ఒకే మొత్తం ఇచ్చే యాన్యుటీ పాలసీ కొనమంటే, ఆ నెలసరి మొత్తం ఏటా పెరుగుతుందా లేదా అన్నది పత్రంలో రాసి చూపించమని అడగండి. పెరగదంటే, వడ్డీ ఎంత ఆకర్షణీయంగా ఉన్నా సంతకం చేయకండి.