ఆస్పత్రిలో చేర్చిన రోజుకు కాదు, ఇంటికొచ్చిన రోజుకు సెలవు దాచుకోండి

ప్రశ్న: అమ్మానాన్నలు కావలి దగ్గర పల్లెలో ఉంటారు, ఇద్దరికీ డెబ్బై దాటాయి. నేను అమెరికాలో ఉద్యోగం. ఏడాదికొకసారి కంటే ఎక్కువ రాలేను. ఉన్నట్టుండి ఏదైనా అయితే సెలవు ఎలా తీసుకోవాలి, డబ్బు ఎలా అందేలా చూసుకోవాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పగలరు.

జవాబు: మాది కావలికి ఇవతల ఒక పల్లె. చెల్లెలు ఒంగోల్లో ఉంటుంది, నేను న్యూజెర్సీలో. ఇలాంటి కబురు మా ఇంట్లో రెండుసార్లు వచ్చింది. 2019లో నాయనకు గుండెనొప్పి, 2023లో అమ్మకు తుంటి ఎముక విరగడం. మొదటిసారి నేను చేసినవి చాలావరకు తప్పులే. రెండోసారి కాస్త తెలిసి చేశాను.

ముందు డబ్బు సంగతి చెబుతాను, ఎందుకంటే ఆ రాత్రి నన్ను ఎక్కువగా ఏడిపించింది అదే. నాయనను నెల్లూరు తీసుకెళ్ళింది శనివారం రాత్రి. స్టెంట్ వేయాలి, ముందు లక్ష కట్టమన్నారు. మా దగ్గర డబ్బు లేక కాదు. నేను నెలనెలా పంపిన డబ్బు నాయన సేవింగ్స్ ఖాతాలో రెండు లక్షలకు పైనే ఉంది, కానీ ఆ ఖాతా ఆయన ఒక్కడి పేరునే. ఏటీఎం పిన్ అమ్మకు తెలియదు. ఇంకో నాలుగు లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి, అది ఇద్దరి పేరునా ఉంది, పైగా 'ఐదర్ ఆర్ సర్వైవర్'. అందుకని మేమంతా ధీమాగా ఉన్నాం. సోమవారం పొద్దున అమ్మ బాండు పట్టుకుని బ్యాంకుకు పోతే, గడువు తీరకముందు తీయాలంటే ఇద్దరి సంతకాలూ కావాలన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు ఐసీయూలో ఉన్నారు. బ్యాంకు వాళ్ళు చెప్పింది నిబంధనే. ఐదర్ ఆర్ సర్వైవర్ అని ఉంటే గడువు తీరిన తర్వాత ఎవరో ఒకరు తీసుకోవచ్చు. మధ్యలో తీయాలంటే, ఒక్కరి సంతకంతో ఇవ్వవచ్చని ఇద్దరూ ముందే రాసిచ్చి ఉండాలి. మేము రాసివ్వలేదు. నేను శనివారం రాత్రే అమెరికా బ్యాంకు నుంచి పంపిన డబ్బు మంగళవారానికి గానీ చేరలేదు. ఆ మూడు రోజులూ మా బాబాయి కొడుకు తన ధాన్యం డబ్బు తెచ్చి కట్టాడు.

తర్వాత మూడు మార్పులు చేశాం. నాయన సేవింగ్స్ ఖాతాలో చెల్లెల్ని రెండో పేరుగా చేర్చి ఐదర్ ఆర్ సర్వైవర్ పెట్టించాం. ఎఫ్‌డీకి, గడువుకు ముందు ఎవరైనా ఒకరు తీసుకోవచ్చని ఇద్దరి చేతా లెటర్ రాయించి బ్యాంకులో ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకున్నాం. మూడోది, ఎన్ఆర్ఐలు ఇండియా బ్యాంకులో తెరిచే ఎన్ఆర్ఈ ఖాతా ఒకటి నాకుంది, అందులో ఎప్పుడూ మూడు లక్షలు ఉంచడం. అత్యవసరంలో డాలర్లు రూపాయలుగా మారి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అదే డబ్బు ముందే ఇండియాలో ఉంటే ఐఎంపీఎస్‌తో అర్ధరాత్రి అయినా నిమిషాల్లో చెల్లెలి ఖాతాకు చేరుతుంది. అమ్మ ఆపరేషన్‌కు అలాగే పంపాను. చెల్లెలు కౌంటరు దగ్గర లైన్లో ఉండగానే చేరింది.

ఇక సెలవు. 2019లో ఫోన్ రాగానే దొరికిన టికెట్ కొనుక్కుని మూడో రోజుకు నెల్లూరు చేరాను. అప్పటికి స్టెంట్ వేయడం అయిపోయింది. వారం రోజులు ఆస్పత్రి వరండాలో కూర్చున్నాను. సాయంత్రం పది నిమిషాలు నాయన్ని చూడనిచ్చేవాళ్ళు. ఇంటికి తెచ్చిన రెండో రోజే నా సెలవు అయిపోయి తిరిగొచ్చేశాను. నెల తర్వాత రక్తం గడ్డకట్టకుండా వేసే మాత్రలు అయిపోతే, ఒంట్లో బాగానే ఉంది కదా అని నాయన పది రోజులు మానేశారు. స్టెంట్ వేసిన తొలి నెలల్లో ఆ మాత్ర మానితే స్టెంట్‌లోనే గడ్డ పడే ప్రమాదం ఉందని తర్వాత రివ్యూలో డాక్టరు చెబితే గానీ మాకు తెలియలేదు. ఏమీ కాలేదు, దేవుడి దయ. కానీ నేను అక్కర్లేని వారం ఉండి, కావలసిన వారం లేను.

అందుకే 2023 జూన్‌లో చెల్లెలు తెల్లారుజామున ఫోన్ చేసి, "అన్నా, అమ్మ పెరట్లో తొట్టి దగ్గర జారిపడింది, లేవలేకపోతోంది. కుడికాలు పొట్టిగా అయి బయటికి తిరిగిపోయింది" అన్నప్పుడు నేను వెంటనే టికెట్ కొనలేదు. కాలు అలా పొట్టిగా అయి పక్కకు తిరిగితే తుంటి ఎముకే విరిగి ఉంటుంది, లేపి నడిపించే ప్రయత్నం చేయకూడదు. 108లో నెల్లూరు తీసుకెళ్ళారు. ఎక్స్‌రే చూశాక డాక్టరుతో ఫోన్‌లో మూడే విషయాలు అడిగాను. ప్రాణానికి ప్రమాదం ఎంత? డిశ్చార్జి ఎప్పుడు? ఇంటికొచ్చాక ఆమె ఏ పనులు సొంతంగా చేసుకోలేదు, ఎన్ని వారాలు? మర్నాడు ఆపరేషన్, అంతా సవ్యంగా జరిగితే ఆరో రోజు డిశ్చార్జి, ఆరు వారాలు వాకర్‌తో నడక, బాత్రూంకు వెళ్ళాలన్నా మనిషి పక్కన ఉండాలి అన్నారు. ఆస్పత్రి రోజులు చెల్లెలు చూసుకుంది. డిశ్చార్జికి ముందు రోజు చేరేలా నేను బయల్దేరాను. మొదటి ప్రశ్నకు డాక్టరు గొంతు తడబడితే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి ఆ రాత్రే విమానం ఎక్కండి. దగ్గర్లో తోబుట్టువులు లేనివాళ్ళు కూడా అంతే.

సెలవు నేను తీసుకుంది ఎఫ్ఎంఎల్ఏ, అంటే అమెరికాలోని కుటుంబ, వైద్య సెలవు చట్టం కింద. కంపెనీలో ఏడాది పూర్తయి, ఆ ఏడాదిలో 1,250 గంటలు పని చేసి, మీ ఆఫీసుకు 75 మైళ్ళ లోపు కంపెనీకి కనీసం 50 మంది ఉద్యోగులు ఉంటే, పన్నెండు నెలల్లో 12 వారాలు తల్లిదండ్రుల తీవ్ర అనారోగ్యానికి తీసుకోవచ్చు. జీతం రాదు, ఉద్యోగం, ఇన్సూరెన్సు పోవు. జీతంతో వచ్చే మన సొంత సెలవులు, అదే పీటీఓను అందులోనే వాడమని కంపెనీ అడగవచ్చు. నావి మూడు వారాలు అలా పోయాయి, మిగతా మూడు వారాలు జీతం లేదు. తల్లిదండ్రులు ఇండియాలో ఉన్నా, అక్కడి డాక్టరు రాసిచ్చినా చెల్లుతుంది. అయితే అత్తమామలకు ఇది వర్తించదు. మా ఆవిడ మా అమ్మ కోసం రావాలనుకుంది, ఆమెకు ఈ సెలవు రాలేదు.

నాకు చిక్కు వచ్చింది డాక్టరు సర్టిఫికెట్ దగ్గర. ఆస్పత్రి ఇచ్చిన కాగితంలో తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ చేశాం, ఆరు వారాల విశ్రాంతి అవసరం అని మాత్రమే ఉంది. హెచ్‌ఆర్ వాళ్ళు చాలదని తిప్పి పంపారు. వాళ్ళకు కావలసింది రోగికి విశ్రాంతి అవసరమా అన్నది కాదు, రోగిని చూసుకోవడానికి మనిషి అవసరమా, ఏ పనులకు, ఎంతకాలం అన్నది. సర్టిఫికెట్ ఇవ్వడానికి అడిగిన రోజు నుంచి 15 రోజులు, లోపం ఉంటే సరిచేయడానికి ఇంకో ఏడు రోజులు గడువు ఇస్తారు. అమెరికా కార్మిక శాఖ ఫారం WH-380-F అని ఉంటుంది, కుటుంబ సభ్యుల అనారోగ్యానికి అదే. దాన్ని చెల్లెలికి వాట్సాప్‌లో పంపితే ప్రింటు తీయించి ఓపీ అయ్యాక డాక్టరు ముందు పెట్టింది. నడవడానికి, స్నానానికి, బాత్రూంకు ఆరు వారాలు సాయం అవసరం అని, తర్వాత రివ్యూలకు కూడా తోడు కావాలని ఆయన రాశారు. ఆ చివరి ముక్క వల్ల మిగిలిన ఆరు వారాల్లోంచి రెండు వారాలు నవంబరులో రివ్యూకు వాడుకోగలిగాను. ఆ ఫారం ఇప్పుడే ఒక కాపీ ప్రింటు తీసి ఇంట్లో బీరువాలో పెట్టించండి. మీరు హెచ్1బీ వీసా మీద ఉంటే పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు కూడా చూసుకోండి. అది అయిపోతే రావడం సులువే గానీ తిరిగి వెళ్ళడానికి కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కావాలి. మామూలుగా వచ్చినప్పుడే ఆ పని ముగించుకోవడం మేలు.

ఇంటికొచ్చాక ఆ ఆరు వారాల్లో నేను చేసింది పెద్ద పనులేమీ కాదు. తుంటి ఆపరేషన్ అయినవాళ్ళు నేల మీద, పీట మీద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు. మా ఇంట్లో మరుగుదొడ్డి పెరటి చివర, నేల మీద కూర్చునేది. మొదటి రోజే కమోడ్ కుర్చీ తెచ్చాను. మంచం కాళ్ళ కింద కట్టెలు పెట్టి ఎత్తు చేయించాను. తొట్టి దగ్గర పాచి పట్టిన నాపరాళ్ళు తీయించి గరుకు సిమెంటు పోయించి, గోడకు రెండు స్టీలు కడ్డీలు బిగించాం. కావలి నుంచి ఫిజియోథెరపీ అబ్బాయి రోజు విడిచి రోజు వచ్చేవాడు. మూడో వారం అమ్మ వాకర్ పట్టుకుని వసారా దాకా వచ్చి, "అబ్బయ్యా, ఇంకొంచెం పోతా, ఉండు, పట్టుకోవద్దు" అంది. ఆ మాట వినడానికి నేను అక్కడ ఉన్నాను.

డబ్బు అందేలా చూసుకోవడం గురించి అడిగారు కాబట్టి నెలనెలా పంపే డబ్బు మీద కూడా ఒక్క మాట. ఏ నెలైనా నా ఉద్యోగం పోతే వాళ్ళ ఇల్లు ఆగకూడదని, అమ్మ పేరున పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో 12 లక్షలు వేశాను. ఎన్ఆర్ఐలం మన పేరున వేయలేం, వాళ్ళ పేరున వాళ్ళు వేసుకోవచ్చు. మనం వాళ్ళకిచ్చిన డబ్బు మీద ఇండియాలో పన్ను లేదు. 8.2 శాతం చొప్పున మూడు నెలలకు 24,600 వస్తుంది, అంటే నెలకు 8,200. దాని పైన కావలసింది నేను పంపుతాను. ఐదేళ్ళ స్కీము, ముందే తీస్తే కోత ఉంటుంది. కాబట్టి ఆస్పత్రి డబ్బుగా దీన్ని లెక్కపెట్టుకోకండి.

ఈసారి వచ్చినప్పుడు మొదటి రెండు పనిరోజులు బ్యాంకుకు పెట్టుకోండి. రెండో పేరు చేర్చడానికీ ఆ ఎఫ్‌డీ లెటరుకూ అమ్మానాన్నలిద్దరూ బ్యాంకుకు వచ్చి సంతకం పెట్టాలి. ఇద్దరూ ఇప్పుడు నడుస్తున్నారు కదా, ఆలస్యం చేయకండి.