ఫ్యాన్ లోపమా, స్కేలా? కూలింగ్ టవర్ పనిలో మొదట నేర్చుకోవాల్సింది

ప్రశ్న: రిఫ్రిజిరేషన్‌లో డిప్లొమా పూర్తి చేశాను. ఒక చిన్న కమర్షియల్ బిల్డింగ్ ఏసీ ప్లాంట్‌లో ట్రైనీ ఆపరేటర్ ఉద్యోగం వచ్చేలా ఉంది. పని ఎక్కువగా కూలింగ్ టవర్, వాటర్ ట్రీట్‌మెంట్ చూసుకోవడమే అంటున్నారు. టవర్ కడగడానికే పెట్టుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది. చేరవచ్చా? ఇంటర్వ్యూకి ఏం చదువుకోవాలి?

జవాబు: చేరవచ్చు. అయితే ఆ ప్లాంట్‌లో రోజూ రీడింగులు తీసే పని మీ చేతికి ఇస్తారో లేదో ముందు తెలుసుకోండి. టవర్ కడగడం ఎలాగూ ఉంటుంది, అందులో తప్పు లేదు. కానీ కడగడం ఎప్పుడు అవసరమో, ఎందుకు అవసరమైందో చెప్పగలిగిన ఆపరేటర్‌నే రెండేళ్ల తర్వాత ప్లాంట్ అప్పగించి నమ్ముతారు.

ఇంటర్వ్యూలో దాదాపు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. చిల్లర్ హెడ్ ప్రెషర్, అంటే కండెన్సర్ వైపు ప్రెషర్, పెరిగింది, మీరు మొదట ఏం చూస్తారు? చాలామంది గబగబా 'కండెన్సర్ క్లీన్ చేయిస్తాను' అంటారు. అది తొందరపాటు జవాబు. హెడ్ ప్రెషర్ పెరగడానికి టవర్ నీటిని సరిగా చల్లబరచకపోవడం కారణం కావచ్చు, చల్లటి నీళ్లు వచ్చినా కండెన్సర్ ట్యూబుల్లో పేరుకున్న ఉప్పుల పొర, అంటే స్కేల్, వేడిని దాటనివ్వకపోవడమూ కారణం కావచ్చు. ఈ రెండింటినీ విడదీయడానికి విప్పాల్సింది ఏమీ లేదు, నాలుగు ఉష్ణోగ్రతలు చాలు.

మామూలు రోజున ఒక ప్లాంట్‌లో గాలి వెట్ బల్బ్, అంటే తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే ఉష్ణోగ్రత, 28 డిగ్రీలు, టవర్ నుంచి వచ్చే నీరు 32, కండెన్సర్ నుంచి బయటికి వెళ్లే నీరు 37, గేజ్ మీద ప్రెషర్‌ను రిఫ్రిజిరెంట్ పట్టికలో చూస్తే కండెన్సింగ్ ఉష్ణోగ్రత 39 అనుకోండి. టవర్ నీటికీ వెట్ బల్బ్‌కీ తేడా 4, అది టవర్ అప్రోచ్. కండెన్సింగ్ ఉష్ణోగ్రతకూ బయటికి వెళ్లే నీటికీ తేడా 2, అది కండెన్సర్ అప్రోచ్. ఇప్పుడు ప్రెషర్ పెరిగి కండెన్సింగ్ 42 అయింది. వెట్ బల్బ్ 28 గానే ఉండి టవర్ నీరు 35, బయటికి వెళ్లే నీరు 40 చూపిస్తే కండెన్సర్ అప్రోచ్ 2 దగ్గరే ఉంది, టవర్ అప్రోచ్ మాత్రం 7కి పెరిగింది. అప్పుడు టవర్ ఎక్కి ఫ్యాన్, బెల్ట్, నీళ్లు పరుచుకుని జారే ఫిల్స్, నీళ్లు చల్లే నాజిళ్లు చూడాలి. అలా కాకుండా టవర్ నీరు 32, బయటికి వెళ్లే నీరు 37 గానే ఉండి కండెన్సింగ్ మాత్రం 43కి పోతే, కండెన్సర్ అప్రోచ్ 6 అయినట్టు. ఫ్యాన్ బాగానే ఉంది, ట్యూబుల్లోనే ఏదో అడ్డుపడుతోంది. లోడ్, నీటి ప్రవాహం ఒకేలా ఉన్న రోజులను పోల్చినప్పుడే ఈ లెక్క నిలుస్తుంది. రిఫ్రిజిరెంట్‌లో గాలి చేరినా కండెన్సర్ అప్రోచ్ పెరుగుతుంది కాబట్టి, స్కేల్ అని తేల్చేముందు నీళ్ల వైపు సాక్ష్యం కూడా చూడాలి.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. కెరీర్ సలహాల పనిలోకి రాకముందు నేనూ ప్లాంట్ ఆపరేటర్‌నే. ఒక బిల్డింగ్‌లో 100 టన్నుల చిల్లర్ ప్రెషర్ మెల్లగా పెరుగుతూ వచ్చింది. నేను ఫ్యాన్‌ను అనుమానించి, ఎక్కువ గాలి లాగుతుందని బ్లేడ్ల కోణం పెంచాను. మోటార్ కరెంట్ నేమ్‌ప్లేట్ దాటి ఓవర్‌లోడ్ ట్రిప్ అయింది. ప్రెషర్ తగ్గలేదు. అప్పుడు గానీ నీళ్ల సంగతి గుర్తుకు రాలేదు.

టవర్‌లో ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులోని ఉప్పులు వెనకే ఉండిపోయి చిక్కబడతాయి. 100 టన్నుల చిల్లర్ పూర్తి లోడ్ మీద ఉంటే గంటకు సుమారు 650 లీటర్లు ఆవిరవుతాయి. ఆవిరైన దానికి బదులుగా నింపే మేకప్ నీటి కంటే టవర్ నీరు మూడు రెట్లు చిక్కగా ఉండాలనుకుంటే, ఆవిరయ్యే నీటిని 3 లోంచి 1 తీసేసిన సంఖ్యతో, అంటే 2తో భాగించాలి. గంటకు 325 లీటర్లు బ్లోడౌన్‌గా పారబోయాలన్నమాట. మా ప్లాంట్‌లో ఆ పని, ఉప్పులతో పాటు పెరిగే నీటి కండక్టివిటీని ప్రోబ్‌తో కొలిచి వాల్వ్ తెరిచే కంట్రోలర్ చేసేది. మేకప్ నీరు 600 మైక్రోసీమెన్స్, కంట్రోలర్ సెట్టింగ్ 1,800. డిస్‌ప్లే మీద ఎప్పుడు చూసినా 1,400. అంతా బాగుందనుకున్నాం. చేతి మీటర్ ముంచితే 3,000 వచ్చింది.

ప్రోబ్ మీద స్కేల్ పట్టి తక్కువ చూపిస్తోంది. తక్కువ ఉందని నమ్మి బ్లోడౌన్ వాల్వ్ తెరుచుకోలేదు. తెరుచుకోకపోవడంతో నీరు ఇంకా చిక్కబడింది, ప్రోబ్ మీద పొర ఇంకా మందమైంది. స్కేల్‌ను ఆపాల్సిన పరికరాన్నే స్కేల్ పట్టేసింది.

ఆ స్కేల్ ట్యూబుల్లో కూడా పడుతోందని నీటి పరీక్షే చెప్పింది. స్కేల్‌గా పేరుకోకుండా నీటిలోనే ఉండిపోయే క్లోరైడ్ మేకప్‌లో 60 పీపీఎం, టవర్‌లో 300. అంటే ఐదు రెట్లు, కండక్టివిటీ కూడా అంతే చెబుతోంది. కాల్షియం హార్డ్‌నెస్ మేకప్‌లో 120, కాబట్టి టవర్‌లో 600 ఉండాలి, కానీ 360 మాత్రమే ఉంది. మిగతా కాల్షియం ఆవిరైపోదు, ఎక్కడో గట్టిపడి కూర్చోవాలి. కాల్షియం కార్బొనేట్ నీరు వేడెక్కే కొద్దీ తక్కువ కరుగుతుంది, అందుకే టవర్ నీరు తిరిగే దారిలో అన్నిటికంటే వేడిగా ఉండే కండెన్సర్ ట్యూబ్ గోడను ముందు పట్టుకుంటుంది. హైపోక్లోరైట్ ఎక్కువగా వేసే చోట క్లోరైడ్ దానివల్ల కూడా పెరుగుతుంది, అలాంటప్పుడు ఆ ఒక్క లెక్కనే నమ్మకండి.

ఎండ్ కవర్ విప్పి, గీకిన పొర మీద పలుచని యాసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగింది. కార్బొనేట్ అని తేలింది. పొంగకపోతే సిలికానో సల్ఫేటో అయి ఉండేది, వాటికి ఈ యాసిడ్ పెద్దగా పనిచేయదు. లోహాన్ని యాసిడ్ తినేయకుండా కాపాడే ఇన్‌హిబిటర్ కలిపిన సల్ఫామిక్ యాసిడ్‌ను కండెన్సర్‌లో మాత్రమే తిప్పి, తటస్థం చేసి కడిగాక అప్రోచ్ 6 నుంచి 2కి దిగింది. ఆ రోజు నుంచి వారానికోసారి ప్రోబ్ తుడవడం, చేతి మీటర్‌తో సరిచూడటం లాగ్‌బుక్‌లోకి ఎక్కాయి. ఫ్యాన్ బ్లేడ్లను కూడా పాత కోణానికి తెచ్చాం.

ఫ్యాన్ సంగతి ఇంతకంటే తేలిక, కానీ ప్రమాదం అక్కడే ఎక్కువ. మోటార్ కరెంట్ రోజూ రాసుకుంటే చాలావరకు అదే చెబుతుంది. కరెంట్ మామూలు కంటే తగ్గి, స్టార్ట్ అయ్యేటప్పుడు కీచుమంటే బెల్ట్ జారుతోంది. కొత్త బెల్ట్ వేసిన ఒకటి రెండు రోజులకు అది సాగుతుంది, మళ్లీ బిగించాలి. మోటార్ కేబుల్ విప్పి కలిపాక ఫ్యాన్ తిరిగే దిశ చూడకుండా వదలకండి. ఫేజులు మారితే ఉల్టా తిరుగుతుంది, శబ్దం మామూలుగానే అనిపించవచ్చు, నీళ్లు మాత్రం సరిగా చల్లబడవు.

టవర్ లోపలికి చెయ్యి పెట్టేముందు ఐసొలేటర్ ఆఫ్ చేసి తాళం వేయాలి, బ్లేడును తాడుతో కట్టాలి. కరెంట్ లేకపోయినా గాలికి ఫ్యాన్ తిరుగుతుంది. జెట్‌తో కడిగేటప్పుడు లేచే తుంపర్లలో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండవచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే తీవ్రమైన న్యుమోనియా వస్తుంది. 20 నుంచి 45 డిగ్రీల నీళ్లలో అది పెరుగుతుంది, టవర్ నీరు సరిగ్గా ఆ వేడిలోనే ఉంటుంది. మామూలు గుడ్డ కట్టుకుంటే చాలదు, ముఖానికి సరిగా అతుక్కునే రెస్పిరేటర్ ఇవ్వమని అడగండి.

ఇంటర్వ్యూ అయ్యాక ప్లాంట్ చూపించమని, గత నెల లాగ్‌బుక్ ఒకసారి తిరగేయనివ్వమని కోరండి. కండక్టివిటీ గడిలో ముప్పై రోజులూ ఒకే అంకె ఉంటే ఎవరూ మీటర్ ముంచడం లేదని అర్థం. అలాంటి చోట చేరాల్సి వస్తే, మొదటి వారంలోనే చేతి మీటర్ అడిగి తీసుకోండి. టవర్ మీద పని చేసేటప్పుడు ఐసొలేటర్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కూడా అడగండి. పని చేసే మనిషి జేబులోనే ఉంటుందని చెప్పని ప్లాంట్ అయితే ఆ ఉద్యోగం వద్దు.